కంటికి ఒక్కటే, కంప్యూటరుకు వేరు: తెలుగు పదాల పోలికలో యూనికోడ్ చిక్కులు

తెలుగులో ఒకే రూపంలో కనిపించే రెండు పదాలు కంప్యూటరు లోపల వేర్వేరు సంకేతాల వరుసలుగా ఉండవచ్చు. మనిషి చూసేది అక్షరం ఆకారాన్ని. కంప్యూటరు చూసేది ఆ ఆకారం వెనక వరుసగా నిలబడ్డ అంకెలను. అంకెల్లో ఒక్కటి తేడా వచ్చినా, ఒకటి ఎక్కువైనా దాని దృష్టిలో ఆ రెండూ వేరే పదాలే. అందుకే వెతికిన పేరు జాబితాలో కళ్లెదుటే ఉన్నా దొరకదు, ఒకే ఊరు పట్టికలో రెండుసార్లు లెక్కకొస్తుంది. పోల్చడానికి ముందు రెండు వైపులా వరుసలను ఒకే పద్ధతికి తేవడాన్ని నార్మలైజేషన్ అంటారు. తెలుగులో పాఠం సరిచేయడం అని చెప్పుకోవచ్చు.

ఈ చిక్కులో ముఖ్యమైన రకాలు మూడున్నాయి. హైదరాబాద్ తూర్పు వైపు ఉండేవారు రోజూ రాసే చిరునామా చివరి ముక్కలో ఆ మూడూ దొరుకుతాయి: నాచారం, ఉప్పల్, హైదరాబాద్. నాచారంలో చివరి సున్న, ఉప్పల్ చివరి పొల్లు, హైదరాబాద్ మొదట్లోని ఐత్వం. మూడింటి జబ్బులూ వేరు. యూనికోడ్ ప్రమాణం చెప్పే మందు పనిచేసేది ఒక్కదానికే.

ఈ ప్రాంతపు పేర్లున్న జాబితాలను కలపాల్సిన అవసరం తరచూ వస్తుంది. ఉప్పల్ కలాన్, కాప్రా పురపాలక సంఘాలు 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిశాయి. 2016లో జిల్లాల పునర్విభజనతో ఉప్పల్, నాచారం రంగారెడ్డి జిల్లా నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు మారాయి. ఒక కాలంలో ఒక ఫాంటులో కొట్టిన పేర్లను మరో కాలంలో మరో కీబోర్డుతో కొట్టిన పేర్లతో సరిపోల్చాల్సి వచ్చినప్పుడే లోపలి తేడాలు బయటపడతాయి.

ముందుగా మందు పనిచేసే పదం. యూనికోడ్‌లో తెలుగుకు U+0C00 నుంచి U+0C7F వరకు చోటు ఇచ్చారు. అందులో ఐత్వానికి రెండు దారులున్నాయి. మొదటిది నేరుగా ఐత్వం, అంటే U+0C48. రెండోది ఎత్వం U+0C46 పెట్టి, దాని తర్వాత అక్షరం కింద వచ్చే ఐత్వపు గుర్తు U+0C56 పెట్టడం. చేతిరాతలో ఐత్వం రాసే తీరు రెండోదే: పైన ఎత్వం, కింద కొక్కెం. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

```python
import unicodedata

a = "హైదరాబాద్"
b = "హ\u0C46\u0C56దరాబాద్"
print(len(a), len(b))                         # 9 10
print(a == b)                                 # False
print(unicodedata.normalize("NFC", b) == a)   # True
```

ఈ రెండు దారులూ సమానమేనని యూనికోడ్ ప్రమాణం అధికారికంగా ఒప్పుకుంటుంది. ఎన్‌ఎఫ్‌సీ అనే రూపంలోకి మారిస్తే విడి ముక్కలు కలిసి U+0C48 అవుతాయి, ఎన్‌ఎఫ్‌డీ రూపంలోకి మారిస్తే U+0C48 రెండు ముక్కలుగా విడిపోతుంది. రెండు వైపులా ఏదో ఒక రూపాన్ని పాటిస్తే చాలు, పోలిక కుదురుతుంది.

కీబోర్డుతో మామూలుగా కొడితే వచ్చేది U+0C48 ఒక్కటే. మరి విడి ముక్కలు ఎక్కడినుంచి వస్తాయి? ఒక దారి పాత ఫాంట్లు. యూనికోడ్ రాకముందు డీటీపీలో వాడిన ఫాంట్లలో అక్షరం కాదు, ఆకారపు ముక్కలే ఉండేవి. పై ముక్క ఒక చోట, కింది కొక్కెం మరో చోట. వాటిని ముక్కకు ముక్కగా యూనికోడ్‌కు మార్చే కన్వర్టరు ఐత్వాన్ని కలపకుండా వదిలేస్తే రెండు సంకేతాలు మిగులుతాయి. మరో దారి ఆపిల్ కంప్యూటర్లు. 2017లో ఏపీఎఫ్ఎస్ రాకముందు మ్యాక్‌లలో ఉన్న హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ వ్యవస్థ ఫైళ్ల పేర్లను ఎన్‌ఎఫ్‌డీని పోలిన విడి రూపంలోనే దాచేది. అలాంటి మ్యాక్‌లో “హైదరాబాద్” అని పేరు పెట్టిన ఫైలును లినక్స్ సర్వరుకు ఎక్కిస్తే పేరు విడి ముక్కలతోనే వెళ్లే వీలుంది. లినక్స్ ఫైలు పేరును బైట్ల వరుసగా మాత్రమే చూస్తుంది కాబట్టి, కలిసిన ఐత్వంతో లింకు రాస్తే ఫైలు లేదంటుంది. ఒకే ఫోల్డరులో రెండు “హైదరాబాద్” ఫైళ్లు పక్కపక్కన కూర్చున్నా దానికి అభ్యంతరం లేదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. తెలుగు బ్లాకు మొత్తంలో ఇలా విడిపోయి కలిసే గుర్తు ఐత్వం ఒక్కటే. పక్కనున్న కన్నడానికి అలాంటివి ఐదు. కన్నడంలో ఏత్వాన్ని ఎత్వంగానూ దీర్ఘపు గుర్తుగానూ విడదీయవచ్చు, ఎన్‌ఎఫ్‌సీ తిరిగి కలుపుతుంది. తెలుగులోనూ U+0C55 అని దీర్ఘపు గుర్తు ఉంది. ఎత్వం మీద దాన్ని పెడితే, ఫాంటు అనుకూలిస్తే, ఏత్వంలాగే కనబడుతుంది. ఒత్వం మీద పెడితే ఓత్వంలా ఉంటుంది. కానీ వాటికీ అసలు ఏత్వం U+0C47కూ, ఓత్వం U+0C4Bకూ సమానత్వం ఉందని తెలుగు విషయంలో ప్రమాణం చెప్పలేదు. అలా రాయవద్దని మాత్రం చెప్పింది.

కాబట్టి ఉప్పల్ పక్కనే ఉన్న బోడుప్పల్ పేరులో ఓత్వం విడి ముక్కలుగా వచ్చిందంటే ఎన్‌ఎఫ్‌సీ దాన్ని తాకదు. జిల్లా పేరు మేడ్చల్‌లో ఏత్వానికీ అదే గతి. ఇది ముందుముందు మారేదీ కాదు. ఒకసారి ప్రమాణంలో చేరిన అక్షరం విడిపోయే తీరును ఇక మార్చబోమని యూనికోడ్ కన్సార్షియం మాట ఇచ్చింది. ఆ మాట తప్పితే ప్రపంచంలో అప్పటికే సరిచేసి దాచుకున్న పాఠాలన్నీ తారుమారవుతాయి. తెలుగు ఏత్వానికి, ఓత్వానికి వైద్యం ఎవరి ప్రోగ్రాములో వారే రాసుకోవాలి.

ఇక ఉప్పల్ సంగతి. ఈ పేరులో ఆరు కోడ్ పాయింట్లున్నాయి: ఉ, ప, పొల్లు, ప, ల, పొల్లు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి మొత్తం 18 బైట్లు. ఇదే పేరు కొన్ని జాబితాల్లో ఏడు కోడ్ పాయింట్లతో, 21 బైట్లతో ఉంటుంది. ఏడోది U+200C, జీరో విడ్త్ నాన్‌జాయినర్. దానికి వెడల్పు లేదు, ఆకారం లేదు. పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఆపడమే దాని పని.

తెలుగులో దీని అవసరం లేకపోలేదు. “ఉప్పల్‌లో” అని రాయాలంటే ల్ తర్వాత నాన్‌జాయినర్ పెట్టాలి, లేకపోతే “ఉప్పల్లో” అవుతుంది. “సాఫ్ట్‌వేర్” అన్న మాటలో అది లేకపోతే ఫ కింద ట ఒత్తుకు తోడు వ ఒత్తు కూడా వేలాడి “సాఫ్ట్వేర్” అవుతుంది. ఈ వ్యాసంలోనే ఆ గుర్తు చాలాచోట్ల ఉంది, చదివేవారికి కనిపించదు, అంతే. చిక్కంతా అది పదం చివర మిగిలిపోయినప్పుడు వస్తుంది. ఎవరో “ఉప్పల్‌లో” అని కొట్టి, తర్వాత “లో” చెరిపేశారనుకుందాం. కనిపించేది చెరిగింది, కనిపించనిది అక్కడే ఉండిపోయింది. పాత ఫాంట్లలో ల్, న్, ర్ వంటి పొల్లు అక్షరాలు విడి ఆకారాలుగా ఉండేవి కాబట్టి, యూనికోడ్‌కు మార్చేటప్పుడు ఆ రూపం చెడకూడదని ప్రతి పొల్లు వెనకా నాన్‌జాయినర్ తగిలించడం కూడా మామూలే. పదం అక్కడితో ముగిసినా సరే.

ఎన్‌ఎఫ్‌సీ గానీ, ఇంకాస్త కఠినమైన ఎన్‌ఎఫ్‌కేసీ గానీ దీన్ని తీసెయ్యవు. వాటి దృష్టిలో నాన్‌జాయినర్ కూడా ఒక న్యాయమైన అక్షరమే.

కనిపించని ఈ గుర్తు ఒకసారి ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. అది జ్ఞా. అయితే మామూలు జ్ఞా కాదు: జ, పొల్లు, ఞ, నాన్‌జాయినర్, ఆ తర్వాత దీర్ఘం. జ్ఞానం అని మామూలుగా కొట్టేవారి ఫోన్లకు ఏమీ కాలేదు. ఆపిల్ సంస్థ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. అప్పట్లో పత్రికలు తప్పంతా తెలుగు అక్షరానిదే అన్నట్టు రాశాయి గానీ, నడుమ దూరిన నాన్‌జాయినర్ గురించి చెప్పినవి తక్కువ.

దొంగ నాన్‌జాయినర్‌ను పట్టుకోవడం కష్టమేమీ కాదు. పదం చివర కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కితే చాలా ఎడిటర్లలో కంటికి ఏమీ చెరగదు, రెండోసారి నొక్కితేనే పొల్లు పోతుంది. ఎక్సెల్ పట్టికలో అయితే రెండు సూత్రాలు చాలు.

```
=LEN(A2)
=UNICODE(RIGHT(A2,1))
```

శుభ్రమైన ఉప్పల్‌కు మొదటిది 6, రెండోది 3149 ఇస్తుంది. 3149 అంటే పొల్లు. తోక ఉన్న ఉప్పల్‌కు 7, 8204 వస్తాయి. 8204 కనిపిస్తే అక్కడ నాన్‌జాయినర్ ఉన్నట్టే.

నాచారానిది మూడో రకం, అన్నిటికంటే మొండిది. పేరు చివర ఉండాల్సింది సున్న, U+0C02. కొందరు దాని బదులు తెలుగు అంకెల్లోని సున్నాను, U+0C66ను కొడతారు. కీబోర్డులో గుండ్రంగా కనబడ్డ మొదటి మీట నొక్కడమే కారణం కావచ్చు. ఫలితం కంటికి నాచారమే. చాలా ఫాంట్లలో రెండు వలయాల కొలతలో ఉండే కొద్దిపాటి తేడా పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. ఇందాకటి ఎక్సెల్ సూత్రం ఇక్కడా పనికొస్తుంది: సరైన నాచారానికి 3074 వస్తుంది, అంకెతో కొట్టినదానికి 3174. పొడవు మాత్రం రెండింటికీ ఆరే, కాబట్టి LEN ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇది జారిపోతుంది. బాణం మీటతోనూ కనిపెట్టవచ్చు. సున్న ముందున్న అక్షరంలో భాగం కాబట్టి కర్సరు “రం”ను ఒక్క గంతులో దాటుతుంది. అంకె అయితే ర దగ్గర ఒకసారి ఆగి, తర్వాత అంకెను దాటుతుంది.

ఐత్వం విషయంలో ఉన్నవి ఒకే అక్షరానికి రెండు రాతలు. ఇక్కడ ఉన్నవి రెండు వేరే అక్షరాలు, ఆకారం కలిసింది. అందుకే ఏ నార్మలైజేషన్ రూపమూ అంకెను సున్నగా మార్చదు, మార్చకూడదు కూడా. ఎక్కడపడితే అక్కడ మార్చేస్తే ౬౦ అడుగుల రోడ్డు కాస్తా ఆరు, దాని పక్కన ఒక సున్న అయి కూర్చుంటుంది. రూపసామ్యం ఉన్న అక్షరాల జాబితాను యూనికోడ్ కన్సార్షియం భద్రతా ప్రమాణంలో భాగంగా విడిగా ప్రచురిస్తుంది. అందులో తెలుగు సున్న, తెలుగు అంకె సున్నా, ఇంగ్లిష్ చిన్న ఓ అక్షరం మూడూ ఒకే గుంపులో ఉంటాయి. ఆ జాబితా అనుమానితులను పట్టుకోవడానికి మాత్రమే, పాఠాన్ని దిద్దడానికి కాదు.

మూడు జబ్బులూ ఒకేచోట ఉన్న చిరునామాను చూద్దాం. రెండు జాబితాలున్నాయనుకుందాం. మొదటిదాంట్లో “నాచారం, ఉప్పల్, హైదరాబాద్” శుభ్రంగా ఉంది: కామాలు, ఖాళీలతో కలిపి 25 కోడ్ పాయింట్లు, 67 బైట్లు. రెండోదాంట్లో నాచారానికి అంకె సున్నా ఉంది, ఉప్పల్‌కు తోక ఉంది, హైదరాబాద్‌కు విడి ఐత్వం ఉంది: 27 కోడ్ పాయింట్లు, 73 బైట్లు. అచ్చు తీస్తే రెండూ ఒకటే. ఎన్‌ఎఫ్‌సీ మాత్రమే నడిపితే రెండోది 26కు దిగుతుంది, పోలిక మాత్రం కుదరదు. చాలామంది ఇక్కడే తికమకపడతారు. నార్మలైజ్ చేశాం కదా, ఇంకా ఎందుకు కలవట్లేదని మళ్లీ మళ్లీ అదే పిలుపును నడుపుతారు. మిగిలిన రెండు తేడాలకూ దానితో సంబంధం లేదు.

కావలసింది పోలిక కోసమే తయారుచేసుకునే ఒక తాళంచెవి లాంటి రూపం. పైతాన్‌లో అది ఇంత:

```python
import re, unicodedata

HIDDEN = re.compile("[\u200C\u200D\uFEFF]")
ZERO = re.compile("(?<=[\u0C05-\u0C4C])\u0C66(?![0-9\u0C66-\u0C6F])")
LENGTH = {"\u0C3F\u0C55": "\u0C40",
          "\u0C46\u0C55": "\u0C47",
          "\u0C4A\u0C55": "\u0C4B"}

def pada_key(s):
    s = HIDDEN.sub("", s)
    s = unicodedata.normalize("NFC", s)
    for old, new in LENGTH.items():
        s = s.replace(old, new)
    s = ZERO.sub("\u0C02", s)
    return " ".join(s.split())
```

ఇందులో వరుస ముఖ్యం. కనిపించని గుర్తులను ముందు తీసేయాలి, ఎన్‌ఎఫ్‌సీ ఆ తర్వాత. ఎత్వానికీ కింది కొక్కేనికీ మధ్య నాన్‌జాయినర్ ఒకటి దూరి ఉంటే, ఎన్‌ఎఫ్‌సీ ఆ రెండింటినీ కలపలేదు. దాన్ని తర్వాత తీసేసినా కలవని ఐత్వం అలాగే మిగిలిపోతుంది. మూడో అడుగు ప్రమాణం పట్టించుకోని ఈత్వం, ఏత్వం, ఓత్వాల కోసం. నాలుగో అడుగు అంకె సున్నాను మార్చేది ఒక్క సందర్భంలోనే: దాని ముందు తెలుగు అక్షరమో గుణింతమో ఉండి, తర్వాత మరో అంకె లేనప్పుడు. అందువల్ల ౬౦ జోలికి అది పోదు. ఖాళీ లేకుండా అక్షరానికి అతికించి ఒంటరి సున్నాను నిజంగా అంకెగానే రాస్తే మాత్రం ఈ నియమం మోసపోతుంది. ప్లాటు నంబర్లున్న గడిని దీని గుండా పంపకుండా, ఊరి పేరున్న గడికే పరిమితం చేయడం మేలు. చివరి వరుసలో వెబ్ పేజీల నుంచి వచ్చే విడదీయని ఖాళీలు కూడా మామూలు ఖాళీలవుతాయి.

ఈ తాళంచెవిని అచ్చుకు పంపకూడదు. అందులో నాన్‌జాయినర్లన్నీ పోయాయి కాబట్టి “సాఫ్ట్‌వేర్” చెడిపోయి ఉంటుంది, “ఉప్పల్‌లో” కాస్తా “ఉప్పల్లో” అయి ఉంటుంది. వెతికేవారికి అది లాభమే, ఏ రాతతో వెతికినా దొరుకుతుంది. చదివేవారికి నష్టం. అసలు పాఠాన్ని ఒక గడిలో ఉంచి, తాళంచెవిని పక్క గడిలో పెట్టుకోవాలి. అసలు పాఠాన్నీ శుభ్రం చేయాలనుకుంటే ఎన్‌ఎఫ్‌సీ, దీర్ఘపు గుర్తుల మార్పు నిర్భయంగా చేయవచ్చు. నాన్‌జాయినర్లలో పదం చివరివి, పొల్లు వెనక లేనివి మాత్రమే తీసేయాలి.

ఒకే జాబితా ఒక సాఫ్ట్‌వేర్‌లో కలిసి, మరోదాంట్లో కలవకపోవడానికి కూడా కారణం ఉంది. యూనికోడ్ వారి వరుసక్రమ ప్రమాణం నాన్‌జాయినర్‌కు ఏ బరువూ ఇవ్వదు. దాన్ని అనుసరించి పోల్చే ప్రోగ్రాములో తోక ఉన్న ఉప్పల్, తోక లేని ఉప్పల్ సమానం కావచ్చు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మామూలు అమరికలో బైట్లు కలిస్తేనే సమానం అంటుంది. 2019లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి బైట్లు వేరైనా సమానమనే వరుసక్రమాలను కోరి పెట్టుకునే వీలు ఇచ్చింది. 2020లో వచ్చిన 13వ వెర్షన్‌లో `normalize()` చేరింది. ఆ రెండూ ఉన్నా నాచారపు అంకె సున్నా అలాగే ఉంటుంది, వరుసక్రమ ప్రమాణానికి అది అంకే.

వర్ణక్రమం తేడాలు ఈ పరిధిలోకి రావు. రామంతాపూర్ అని కొందరు, రామాంతపూర్ అని కొందరు రాస్తారు. అవి కంటికే వేరుగా కనిపించే రాతలు, వాటికి పర్యాయ నామాల పట్టిక కావాలి. దీనికి పూర్తిగా వ్యతిరేక కొసన ఉన్నది కన్నడ లిపితో వచ్చే గందరగోళం. “రం” అన్న అక్షరం తెలుగులో, కన్నడంలో దాదాపు ఒకే ఆకారం. నాచారంలోని ఆ చివరి అక్షరాన్ని మొత్తంగా కన్నడ సంకేతాలతో కొడితే పైన చెప్పిన ప్రోగ్రాము ఏమీ కనిపెట్టలేదు. చిరునామాల జాబితాలో ఇలా జరగడం అరుదు, ఒకవేళ జరిగినా U+0C80 నుంచి U+0CFF మధ్య సంకేతం ఏదైనా ఉందా అని చూస్తే దొరికిపోతుంది. ఇంటర్నెట్ చిరునామాల్లో మాత్రం అది మోసానికి దారి. అందుకే ఇంటర్నెట్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ 2019లో తెలుగు లిపికి అగ్రస్థాయి డొమైన్ పేర్ల నియమాలను చేర్చినప్పుడు, కన్నడ అక్షరాలతో రూపం కలిసే తెలుగు అక్షరాలను జంటలుగా గుర్తించారు. అంకెలకు ఆ నియమాల్లో చోటే లేదు కాబట్టి, ఆ స్థాయి పేర్లలో సున్న బదులు అంకె సున్నా దూరే వీలు లేదు.